ఫొటోలో ఐదుగురు అంకుల్స్

హిందీ ఇంట్లో పుట్టిన పిల్లకి ఇంగ్లీషులో 'అంకుల్' అనదగ్గ చుట్టాలు ఐదు రకాలు. నాన్నగారి అన్నయ్య తాఊ. నాన్నగారి తమ్ముడు చాచా. నాన్న అక్కచెల్లెళ్లు బువాలు, వాళ్ల భర్తలు ఫూఫాలు. అమ్మ అన్నదమ్ములు మామాలు. అమ్మ అక్కచెల్లెళ్లు మౌసీలు, వాళ్ల భర్తలు మౌసాలు. తాఊ భార్య తాయీ, చాచా భార్య చాచీ, మామా భార్య మామీ. మొత్తం పది మాటలు. ఇదే బంధుగణానికి మన తెలుగులో ఆరు మాటలు సరిపోతాయి: పెదనాన్న, బాబాయి, మామయ్య, పెద్దమ్మ, పిన్ని, అత్తయ్య. ఇంగ్లీషుకి రెండు చాలు.

అమెరికాలో పెరిగే పిల్లలకి ఈ మాటలు నేర్పాలనుకున్న తల్లిదండ్రులు సాధారణంగా పట్టిక రాసి గోడకి అంటిస్తారు. చాచా అంటే బాబాయి, మౌసీ అంటే పిన్ని, ఇలా. మొదటి రెండు వరసల దాకా ఆ పట్టిక బాగానే నడుస్తుంది. మూడో వరసకి వచ్చేసరికి పిల్ల అడిగే ప్రశ్నకి మన దగ్గర జవాబు ఉండదు. మౌసీ పిన్ని అయితే, మౌసా బాబాయి కావాలి కదా? చాచా కూడా బాబాయే కదా? మరి హిందీవాళ్లకి రెండు మాటలెందుకు? ఫూఫాని తెలుగులో మామయ్య అంటాం, మామాని కూడా మామయ్యే అంటాం. మరి వాళ్లు ఆ ఇద్దరినీ ఎందుకు వేరుచేశారు?

ఈ ప్రశ్నలకి జవాబు పెళ్లిళ్లలో ఉంది. ఏ ఇంటి పిల్ల ఏ ఇంటికి వెళ్లింది, ఆ తర్వాత ఎవరు ఎవరికి పెట్టాలి అన్న లెక్కలో ఉంది.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. నాన్నది కాన్పూరు, అమ్మది గుంటూరు, ఇల్లు డాలస్‌లో. తొమ్మిదేళ్ల పాప. నాన్నగారి తమ్ముడి పెళ్లికి అందరూ కాన్పూరు వెళ్లారు. అక్కడ తీసిన ఫొటోలో ఐదుగురు మగవాళ్లు వరసగా నిలబడ్డారు: నాన్నగారి అన్న, పెళ్లికొడుకైన తమ్ముడు, నాన్న చెల్లెలి భర్త, గుంటూరు నుంచి వచ్చిన అమ్మ అన్నయ్య, అమ్మ చెల్లెలి భర్త. పాప దృష్టిలో ఐదుగురూ అంకుల్సే. అందరూ షేర్వాణీలే వేసుకున్నారు కాబట్టి బట్టలనుబట్టి కూడా ఏమీ తేలదు. కానీ ఆ పెళ్లింట్లో ఈ ఐదుగురి స్థానాలు ఐదు రకాలు.

ముందు తాఊ, చాచా సంగతి. ఇద్దరూ నాన్న తోబుట్టువులే, ఒకే ఇంటి మగపిల్లలే. మరి వేర్వేరు మాటలెందుకంటే, ఇంటి కోడలి వైపు నుంచి చూడాలి. ఆమెకి తాఊ అంటే బావగారు, హిందీలో జేఠ్. చాచా అంటే మరిది, హిందీలో దేవర్. ఉత్తరాది పల్లెల్లో కోడలు జేఠ్ ఎదురుపడితే తలమీది కొంగు ముఖం మీదికి లాక్కునేది, ఆయనతో నేరుగా మాట్లాడేది కాదు. దేవర్‌తో మాత్రం పరాచికాలు ఆడొచ్చు, పని చెప్పొచ్చు, కొట్లాడొచ్చు. చాలాచోట్ల ఇప్పుడీ పద్ధతి సడలింది, కొన్నిచోట్ల ఇంకా ఉంది. పంజాబు, హర్యానాల్లో కొన్ని కులాల్లో భర్త పోయిన స్త్రీకి దేవర్‌తోనే మళ్లీ పెళ్లి చేసే ఆచారం ఉండేది. పిల్లలకి ఇవేవీ ఎవరూ విడమరిచి చెప్పరు. తాఊ లోపలికి వస్తే అమ్మ గొంతు తగ్గుతుంది, చాచా వస్తే నవ్వు వినిపిస్తుంది. ఆ తేడా పిల్లల చెవిన పడుతుంది. తాఊ అంటే భయం, చాచా అంటే చనువు అన్నది అలా తయారైంది. నెహ్రూ పిల్లలకి చాచా అయ్యాడంటే ఆ మాటలో ఉన్న చనువుని కూడా చూడాలి. తెలుగు బడుల్లో కూడా నవంబరు 14న చాచా నెహ్రూ అనే అన్నాం. నెహ్రూ బాబాయి అని ఎవరూ అనలేదు.

మన దగ్గరా పెదనాన్న, బాబాయి వేరు. అమ్మకి వాళ్లు బావగారు, మరిది. ఇక్కడివరకు రెండు భాషలూ ఒకే దారిలో వస్తాయి. కాన్పూరు పాపకి తాఊ అంటే పెదనాన్న, చాచా అంటే బాబాయి అని ధైర్యంగా చెప్పొచ్చు.

దారులు విడిపోయేది మూడో మనిషి దగ్గర. నాన్న చెల్లెలి భర్త, ఫూఫా. ఉత్తరాది పెళ్లిళ్లలో ఫూఫా మీద ఉన్నన్ని జోకులు ఇంకెవరి మీదా ఉండవు. పెళ్లిలో ఆయన అలగడం ఖాయం అంటారు. కుర్చీ ముందు వరసలో వెయ్యలేదని, కారు పంపలేదని, భోజనానికి రెండోసారి పిలవలేదని. జోకు వెనక కారణం ఉంది. ఒకప్పుడు ఈ ఇంటికి ఆయనే కొత్త అల్లుడు. ఈ ఇంటి పిల్లని చేసుకున్నవాడు కాబట్టి అత్తవారింట ఆయనదే పైచేయి. ఉత్తరాది సంప్రదాయంలో పిల్లనిచ్చిన ఇల్లు ఒక మెట్టు కింద, తీసుకున్న ఇల్లు ఒక మెట్టు పైన. ఇరవై ఏళ్లు గడిచాక ఇంట్లో ఇంకో పిల్లకి పెళ్లయి కొత్త అల్లుడు వచ్చేసరికి మర్యాదలన్నీ అటు మళ్లుతాయి. పాత అల్లుడికి మిగిలింది అలకే.

నాలుగో మనిషి మామా. ఈయన సరిగ్గా దానికి ఎదురు. ఫూఫా ఈ ఇంటి పిల్లని తీసుకెళ్లినవాడు, మామా ఈ ఇంటికి పిల్లనిచ్చినవాడు. చెల్లెల్ని ఇచ్చాడు కాబట్టి ఇస్తూనే ఉండాలి. మేనల్లుడి పెళ్లయినా మేనకోడలి పెళ్లయినా మామా బట్టలు, నగలు, డబ్బు తీసుకొని వస్తాడు. ఉత్తరప్రదేశ్, హర్యానా వైపు దీన్ని భాత్ అంటారు, రాజస్థాన్‌లో మాయ్‌రా, గుజరాత్‌లో మామేరు. పెళ్లికి ముందు చెల్లెలు పుట్టింటికి వెళ్లి అన్నని పిలిచి వస్తుంది. అన్న తనవాళ్లతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే, చెల్లెలు బొట్టుపెట్టి హారతిచ్చి లోపలికి తీసుకెళ్తుంది. ఆయన తెచ్చినవి అందరి ముందూ పరుస్తారు. గుజరాతీ భక్తకవి నరసీ మెహతా కథలో చేతిలో చిల్లిగవ్వ లేని తండ్రి కూతురి సీమంతానికి మామేరు ఎలా పెడతాడన్నదే గండం. చివరికి కృష్ణుడే షావుకారు వేషంలో వచ్చి ఆ లాంఛనం తీరుస్తాడు. పుట్టింటివాళ్లు పెట్టాల్సింది పెట్టకపోతే ఆడపిల్లకి అత్తవారింట తలెత్తుకునే వీలుండదన్న లెక్క ఎంత బలమైనదో ఆ కథ చెబుతుంది.

అంటే హిందీ ఇంట్లో మామా ఇచ్చేవాడు, ఫూఫా పుచ్చుకునేవాడు. ఇద్దరినీ ఒకే మాటతో పిలిస్తే పెళ్లిలో ఎవరు ఎటు కూర్చోవాలో తెలియదు. పైగా ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఒక వైపే పారుతుంది. మామా ఇంటి నుంచి పిల్ల ఒకసారి వచ్చిందంటే తిరిగి ఈ ఇంటి పిల్లని ఆ ఇంటికి ఇవ్వరు. అక్కడ సంబంధం చూసేటప్పుడు తన గోత్రం, తల్లి గోత్రం, చాలామంది నాయనమ్మ గోత్రం, అమ్మమ్మ గోత్రం కూడా వదిలేస్తారు.

మన దగ్గర మేనరికం ఉంది. అమ్మ ఏ ఇంటి నుంచి వచ్చిందో ఆ ఇంటికే కూతుర్ని ఇవ్వొచ్చు. మేనమామ కొడుకుకి ఇవ్వొచ్చు, మేనత్త కొడుకుకీ ఇవ్వొచ్చు, చాలా కులాల్లో అక్క కూతుర్ని మేనమామే చేసుకోవచ్చు. ఈ తరంలో ఇచ్చిన ఇల్లు వచ్చే తరంలో పుచ్చుకుంటుంది. అలాంటప్పుడు మేనమామ, మేనత్త భర్త వేర్వేరు మనుషులైనా ఒకే వైపు మనుషులు: పెళ్లి సంబంధం వైపు. ఇద్దరూ మామయ్యలే. ఇంకో మెట్టు ముందుకెళ్తే, పిల్లనిచ్చిన మామగారు కూడా మామే. హిందీలో మామా ఎన్నటికీ మామగారు కాలేడు, ఆయన ససుర్. చెవికి ఒకేలా వినిపించే ఈ మాట దగ్గరే తెలుగు పిల్లలు ఎక్కువగా తడబడతారు. పూర్తిగా తెలియని మాటకంటే సగం తెలిసిన మాటతోనే చిక్కు.

మేనరికాలు ఇప్పుడు తగ్గుతున్నాయి, డాక్టర్లు వద్దనడమూ మామూలే. కానీ పెళ్లిళ్లు ఆగినంత మాత్రాన మాటలు ఆగవు. ఆ పద్ధతి పోయిన ఇళ్లలో కూడా అత్తయ్య అత్తయ్యే, మామయ్య మామయ్యే.

ఇక ఫొటోలో ఐదో మనిషి, మౌసా. ఉత్తరాది లెక్కలో ఈయనకి పెద్దగా పనిలేదు. మన ఇంటి నుంచి పిల్లని తీసుకెళ్లలేదు, మన ఇంటికి పిల్లనివ్వలేదు. అమ్మ పుట్టింటికి ఆయన కూడా నాన్నలాగే అల్లుడు. అందుకే మౌసా, మౌసీల దగ్గర లాంఛనాల గొడవ తక్కువ, ప్రేమ ఎక్కువ. మౌసీ అంటే 'మా సీ', అమ్మలాంటిది అని చాలామంది చెబుతారు. వినడానికి బాగుంటుంది కానీ మాట అలా పుట్టలేదు. సంస్కృతంలో తల్లి సోదరి మాతృష్వస, అది అరిగి అరిగి మౌసీ అయింది. తండ్రి సోదరి పితృష్వస, అది ఫూఫీ అయింది. బువాకి ఇప్పటికీ చాలాచోట్ల ఫూఫీ అనే అంటారు. ఫూఫా అన్న మాట ఆ ఫూఫీ నుంచే వచ్చింది. భర్తకి భార్య వరసనుబట్టి పేరు రావడం ఇక్కడ చూడొచ్చు. మౌసా కూడా అంతే. తాయీ, చాచీ, మామీ భర్తల వరసనుబట్టి వచ్చినవి. ఎవరు రక్తసంబంధీకులో, ఎవరు పెళ్లితో వచ్చారో ఆ జంటల్లోనే తెలుస్తుంది.

మౌసీకి ఒక లోటు కూడా ఉంది. 1975లో వచ్చిన 'షోలే'లో బసంతి బాగోగులు చూసే పెద్దావిడ మౌసీ. జై వెళ్లి వీరూకి సంబంధం మాట్లాడేది ఆవిడతోనే. ఆ సినిమా చూసిన తెలుగు పిల్ల ఆవిడ బసంతికి పెద్దమ్మా, పిన్నా అని అడిగితే, ఆ మాటనుబట్టి చెప్పలేం. హిందీకి తాఊ, చాచాల్లో పెద్దా చిన్నా తేడా కావాలి గాని మౌసీల్లో అక్కర్లేదు. అవసరమైతే బడీ మౌసీ, ఛోటీ మౌసీ అంటారు. పెద్ద, చిన్న లెక్క ఆస్తి, పెద్దరికం, కొంగు కప్పుకోవడం ఉన్న చోటే గట్టిగా పట్టించుకున్నారు. మనకేమో అమ్మ వైపూ ఆ లెక్క ఉంది. పెద్దమ్మ అమ్మకి పెద్ద, పిన్ని అమ్మకి చిన్న. ఇంకో సంగతి: పెదనాన్న భార్యా పెద్దమ్మే, బాబాయి భార్యా పిన్నే. పిన్ని భర్త బాబాయి. నాన్న తమ్ముడైన బాబాయికీ, అమ్మ చెల్లెల్ని చేసుకున్న బాబాయికీ పిలుపులో తేడా లేదు. హిందీవాళ్లు ఇది విని నవ్వుతారు. ఇంట్లో పుట్టిన చాచా, ఎక్కడి నుంచో వచ్చిన మౌసా ఒకటెలా అవుతారని వాళ్ల ప్రశ్న. మన లెక్కలో వాళ్లిద్దరూ ఒకటే, ఎందుకంటే ఇద్దరి పిల్లలూ మనకి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. పెళ్లి మాటే రాదు.

ఈ తేడా పిల్లల తరంలో ఇంకా బాగా బయటపడుతుంది. హిందీలో చాచా పిల్లలు చచేరే, ఫూఫీ పిల్లలు ఫుఫేరే, మామా పిల్లలు మమేరే, మౌసీ పిల్లలు మౌసేరే. విశేషణం ఏదైనా చివర్న భాయీ, బహనే. అందరూ అన్నదమ్ములే, అందరికీ రాఖీ కట్టొచ్చు. తెలుగులో పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్నిల పిల్లలు మాత్రమే అన్న, అక్క, తమ్ముడు, చెల్లి. మేనత్త, మేనమామల పిల్లలు బావ, మరదలు, వదిన, బావమరిది. ఇంగ్లీషుకి ఈ గొడవే లేదు, మగైనా ఆడైనా పెద్దయినా చిన్నయినా కజిన్. మనవాళ్లు దానికి బ్రదర్ తగిలించి కజిన్ బ్రదర్ చేశారు. అది తెలుగు అవసరం తీర్చబోయి హిందీ అర్థం తెచ్చిపెట్టింది. ఇప్పుడు మేనమామ కొడుకూ కజిన్ బ్రదరే.

దీన్ని పిల్లలకి చూపించడానికి 1957 నాటి 'మాయాబజార్' కంటే మంచి పాఠం లేదు. అభిమన్యుడి తల్లి సుభద్ర, బలరాముడికి చెల్లెలు. శశిరేఖ బలరాముడి కూతురు. అంటే శశిరేఖ అభిమన్యుడికి మేనమామ కూతురు. సుభద్ర శశిరేఖకి మేనత్త. చిన్నప్పుడే ఇచ్చిన మాట, ఆ మాట తప్పి దుర్యోధనుడి కొడుకుతో సంబంధం కుదుర్చుకోవడం, కథంతా మేనరికం మీదే నడుస్తుంది. తెలుగు ప్రేక్షకుడికి అందులో వివరణ అక్కర్లేదు. బావని చేసుకోవాల్సిన పిల్లని వేరే ఇంటికి ఇవ్వబోతే అన్యాయం అన్నది అందరికీ తెలుసు. ఇదే కథ కాన్పూరు నాయనమ్మకి హిందీలో చెప్పి చూడండి. శశిరేఖ అభిమన్యుడికి మమేరీ బహన్ అవుతుంది. ఇద్దరికీ పెళ్లేమిటి అని ఆవిడ నోరు నొక్కుకుంటుంది. డాలస్ పాప కూడా అదే అంటుంది, ఆమెకి కజిన్ అన్న మాట ఒక్కటే తెలుసు కాబట్టి. ఈ శశిరేఖ కథ వ్యాసుడి మహాభారతంలో లేదు. కానీ అర్జునుడికి సుభద్ర కూడా మేనమామ కూతురే, కుంతి వసుదేవుడి తోబుట్టువు. అది మహాభారతంలోనే ఉంది, ఉత్తరాది పండితులు దాన్ని సమర్థించడానికి చాలా కష్టపడ్డారు.

ఈ రెండు పద్ధతులనీ ఇంత పట్టుగా చూసినవాళ్లలో మన దేశంలో ముందు చెప్పుకోవాల్సింది ఇరావతి కర్వే. 1953లో అచ్చయిన ఆమె పుస్తకం దేశమంతటి వరసలని పక్కపక్కన పెట్టింది. ఉత్తరాదిన పెళ్లి కొత్త ఇంటితో సంబంధం కలుపుకోవడం, దక్షిణాదిన ఉన్న సంబంధాన్నే గట్టిపరుచుకోవడం అన్న తేడాని ఆమె వివరంగా రాసింది. అంతకుముందే, న్యూయార్క్ రాష్ట్రంలో రాచెస్టర్ ఊరి లాయరు లూయిస్ హెన్రీ మోర్గన్ ఈ వరసల వెంటపడ్డాడు. అక్కడి సెనెకా తెగవాళ్లు నాన్న సోదరుడిని కూడా నాన్న అనడం, అమ్మ సోదరిని కూడా అమ్మ అనడం ఆయనకి వింతగా తోచింది. వరసల మీద రెండు వందలకి పైగా ప్రశ్నలతో ఒక పత్రం తయారుచేసి మిషనరీలకి, దౌత్య అధికారులకి ప్రపంచమంతా పంపాడు. దక్షిణ భారతం నుంచి వచ్చిన జవాబులు సెనెకా వరసలకి దగ్గరగా ఉండటంతో ఆ తెగల మూలాలు ఆసియాలోనే అని తేల్చేశాడు. వరసలు కలిస్తే జాతి కలుస్తుందన్న ఆ తర్కం తర్వాత నిలవలేదు. కానీ 1871లో అచ్చయిన ఆయన పట్టికల్లో తమిళం, కన్నడంతోపాటు తెలుగు వరసలూ ఉన్నాయి.

ఇంగ్లీషు ఇంత బీదగా ఎప్పుడూ లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో తండ్రి సోదరుడికి ఒక మాట, తల్లి సోదరుడికి వేరే మాట ఉండేవి. తండ్రి సోదరికి, తల్లి సోదరికి కూడా వేర్వేరు మాటలు. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక వాళ్ల ఫ్రెంచి మాటలు వచ్చి అన్నిటినీ తోసేశాయి. ఆ ఫ్రెంచి మాటల మూలం లాటిన్. లాటిన్లో కూడా నాలుగు ఉండేవి. తండ్రి సోదరుడు పట్రూస్, తల్లి సోదరుడు అవుంకులుస్, తండ్రి సోదరి అమిత, తల్లి సోదరి మాతెర్తెర. అచ్చంగా చాచా, మామా, బువా, మౌసీ. వీటిలో అవుంకులుస్ అరిగి అంకుల్ అయింది, అమిత అరిగి ఆంట్ అయింది. అంటే ఇంగ్లీషులో మిగిలినవి మేనమామ, మేనత్త. బాబాయి, పిన్ని కొట్టుకుపోయారు. తెలుగు పిల్లలకి ఇది చెబితే సరదాపడతారు. మామయ్యని అంకుల్ అంటే పాత లెక్కలో తప్పేమీ లేదు, బాబాయిని అంటేనే తప్పు.

ఇప్పుడు నేర్పే సంగతి. వరసలు పట్టిక చూసి ఎవరూ నేర్చుకోలేదు. ఉమ్మడి ఇంట్లో తనకంటే నాలుగేళ్లు పెద్దదైన అక్క ఎవరిని ఏమంటుందో విని చిన్నపిల్ల అదే అంటుంది. ఇద్దరూ ఒకే స్థానంలో ఉన్నారు కాబట్టి మాట సరిపోతుంది. స్థానం తప్పితే మాట తప్పుతుంది. కన్నతండ్రిని బాబాయి అని, కన్నతల్లిని వదిన అని పిలిచే పెద్దవాళ్లు మనందరి చుట్టాల్లోనూ ఉంటారు. పెదనాన్న పిల్లలు అనేదో, ఆడపడుచులు అనేదో విని అలవాటు పడిపోయారు. హిందీ ఇళ్లలో తల్లిని భాభీ అనే పిల్లలూ ఉండేవాళ్లు.

విదేశాల్లో ఆ పెద్దక్క ఇంట్లో ఉండదు. వీడియో కాల్‌లో అమ్మ 'అన్నయ్యా, బాగున్నావా' అంటుంది, పాప చెవిన అదే పడుతుంది. ఫోను పాపకిచ్చి 'మామయ్యకి హలో చెప్పు' అంటుంది. ఒక మనిషికి రెండు పేర్లు, రెండు నిమిషాల్లో. మూడేళ్ల పిల్లకి ఇది తికమకే. అందుకని ఇళ్లలో పిల్లలున్నంతవరకు అమ్మ కూడా తన అన్నని మామయ్య అనే అంటుంది, భర్త తమ్ముడిని బాబాయి అంటుంది. మనకి అలవాటైన పద్ధతే ఇది. పల్లెటూళ్లో ఊరికే జరిగేది, పరాయిదేశంలో కావాలని చెయ్యాలి. లేకపోతే పిల్లలు పేరు పెట్టి అంకుల్ తగిలించడం మొదలుపెడతారు, ఒకసారి అలవాటైతే మానడం కష్టం.

కొంచెం పెద్దపిల్లలకైతే, బళ్లో ఫ్యామిలీ ట్రీ గీయమంటారు కదా, ఆ కాగితం మీదే చెయ్యొచ్చు. మానవశాస్త్రం చదివేవాళ్లు మగవాళ్లకి త్రిభుజం, ఆడవాళ్లకి సున్నా, పెళ్లికి సమానం గుర్తు, తోబుట్టువులకి పైన ఒక అడ్డగీత వేస్తారు. పాపని మధ్యలో పెట్టి నాన్న వైపు ఒక రంగు, అమ్మ వైపు ఒక రంగు వేయించాలి. పెద్దవాళ్లని ఎడమ పక్కన, చిన్నవాళ్లని కుడి పక్కన పెట్టాలి. అప్పుడు హిందీ మాటకి మూడు ప్రశ్నలు చాలు. ఏ వైపు? పుట్టుకతోనా, పెళ్లితోనా? నాన్న అన్నదమ్ముడైతే నాన్నకంటే పెద్దా, చిన్నా? తెలుగు మాటకి ప్రశ్న మారుతుంది. నాన్నకి అన్నదమ్ముడా, అక్కచెల్లెలా? అమ్మకి అక్కచెల్లెలా, అన్నదమ్ముడా? నాన్నతో మగ, అమ్మతో ఆడ అయితే నాన్న, అమ్మ వరసే, పెద్దా చిన్నా చూసి పిలవాలి. నాన్నతో ఆడ, అమ్మతో మగ అయితే అత్త, మామ. వాళ్ల భర్తలు, భార్యలు కూడా దాన్నిబట్టే పడతారు. ఈ సూత్రం ఒకసారి చేతికొచ్చిందంటే పాప ఎప్పుడూ చూడని చుట్టం వరస కూడా తానే చెప్పేస్తుంది. పిన్ని తోడికోడలు ఏమవుతుంది లాంటి లెక్కలు పెద్దవాళ్లకే గుక్క తిప్పుకోనివ్వవు. పిల్లలు మాత్రం వాటిని పొడుపుకథల్లా ఆడతారు.

మన కాన్పూరు-గుంటూరు పాప విషయంలో ఇంట్లో ఒక ఒప్పందం కావాలి. ఎవరి వైపు చుట్టాలని వాళ్ల భాషలో పిలవడమే తేలిక. ఫొటోలో మొదటి ముగ్గురూ తాఊజీ, చాచూ, ఫూఫాజీ. మిగతా ఇద్దరూ మామయ్య, బాబాయి. చాచాని ముద్దుగా చాచూ అంటారు, పాప కూడా అదే అంటుంది. గుంటూరు బాబాయిని మౌసాజీ అనాలా అంటే అక్కర్లేదు, ఆయనకి ఆ పిలుపు వినిపిస్తే తననే అని కూడా తోచదు. చిక్కు మామయ్య కొడుకు దగ్గర వస్తుంది. గుంటూరు వాళ్లకి వాడు బావ, కాన్పూరు వాళ్లకి భయ్యా. పాప వాడిని బావ అంటే కాన్పూరు నాయనమ్మ ముఖం చిట్లిస్తుంది, భయ్యా అంటే గుంటూరు అమ్మమ్మ 'అన్నయ్య అనకే' అంటుంది. ఈమధ్య నగరాల్లో చాలా తెలుగు ఇళ్లే ఈ బాధ తప్పించుకోవడానికి మేనత్త కొడుకుని కూడా అన్నయ్య అనిపిస్తున్నాయి. నాకది నచ్చదు. బావ అన్నంత మాత్రాన ఎవరూ పెళ్లి చెయ్యరు. ఆటపట్టించే హక్కు ఉన్న ఒక వరస పిల్లల జీవితంలోంచి ఊరికే పోతుంది. ఈడొచ్చిన అమ్మాయి దీనికి ఇబ్బందిపడితే మాత్రం బలవంతం చెయ్యకూడదు, పేరు పెట్టి పిలవనివ్వాలి.

హైదరాబాదులో పెరిగినవాళ్లు ఇంకో పట్టిక కూడా ఎరుగుదురు. పాతబస్తీ ఇళ్లలో మౌసీ ఉండదు, ఖాలా ఉంటుంది, ఆమె భర్త ఖాలూ. మామాని మామూ అంటారు, బువాని ఫుప్పో అంటారు. చాచా అలాగే ఉంటాడు. అయితే అక్కడ చాచా కూతుర్ని కూడా చేసుకోవచ్చు. అంటే తెలుగు ఇంట్లో చెల్లెలయ్యే పిల్ల అక్కడ పెళ్లికూతురు కావచ్చు. ఒకే ఊళ్లో, ఒకే వీధిలో మూడు లెక్కలు నడిచాయి, ఒకరి ఇంటి పెళ్లికి ఇంకొకరు వెళ్లి భోంచేసి వచ్చారు.

అంకుల్, ఆంటీలకి పనే లేదని కాదు. డాలస్‌లో నాన్న ఆఫీసు స్నేహితుడు, పక్కింటావిడ, శనివారం కూచిపూడి నేర్పే టీచరు భర్త, వీళ్లెవరికీ వరస లేదు. వీళ్లని ఇండియాలోనూ అంకుల్, ఆంటీ అనే అంటున్నాం, ఆ మాటలు తెలుగువే అయిపోయాయి. వరస ఉన్నవాళ్లకి వరస, లేనివాళ్లకి అంకుల్ అని పిల్లలకి చెబితే వాళ్లు చక్కగా పాటిస్తారు. పాటించనిది పెద్దవాళ్లే. వయసులో తమకంటే రెండేళ్లు చిన్నవాళ్లు ఆంటీ అనగానే మొహం ముడుచుకుని, అక్కా అని పిలవమంటారు.